మీరే రైటు... మరి పాప ఎందుకు మాట్లాడటం లేదు?



పోయిన టర్మ్ పేరెంట్స్ మీటింగ్ ముగిసి అందరూ వెళ్లిపోయాక ఒక తండ్రి మాత్రం క్లాస్‌రూమ్ బయటే నిలబడి ఉన్నారు. ఆయనది బేతంచెర్ల. నాపబండల పాలీష్ ఫ్యాక్టరీ నడుపుతారు. కూతురు మా దగ్గర తొమ్మిదో తరగతి చదువుతోంది. లోపలికి వచ్చి కూర్చుని, మార్కుల గురించి కాకుండా వేరే మాట అడిగారు. “మేడం, నేను చెప్పినదాంట్లో తప్పేముందో మీరే చెప్పండి. తప్పుంటే ఒప్పుకుంటా. పాప నాతో సరిగా మాట్లాడక పదకొండు రోజులైంది.”

ఆయన అనుమతితోనే ఆ విషయం ఇక్కడ రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. చదువుతుంటే ఇది మన ఇంటి సంగతే అని మీకు అనిపిస్తే, అలా అనిపించే వాళ్లు చాలామందే ఉన్నారు. నేనూ ఉన్నాను.

లెక్కల యూనిట్ టెస్టులో అంతకుముందు 50కి 41 వచ్చిన పాపకు ఈసారి 29 వచ్చాయి. రాత్రి అన్నం తినేటప్పుడు ఆ మాట బయటికొచ్చింది.

“ఫోన్ చూస్తాండావు కాబట్టే మార్కులు తగ్గినాయి” అన్నారు నాన్న.

“నేను రోజూ ఏం చూడను నాన్నా” అంది పాప.

ఆయన ఎంగిలి చేయి కడుక్కొని వచ్చి ఫోన్ తీశారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, వారం మొత్తం ఏ రోజు ఎంతసేపు వాడిందో చూపించారు. “ఇదేంది మరి? ఏడు రోజుల్లో ఏడు రోజులూ ఉండాది. రోజుకు రెండు గంటల యాభై నిమిషాలు. రోజూ అంటే ఇదే కదా?”

“నాకు ఆ చాప్టర్ అర్థం కాలేదు.”

“అర్థం కాకపోతే అడగాల కదా? ట్యూషన్ పెట్టించినా కదా? అడగొద్దని ఎవరన్నా అన్నారా? మీ అమ్మనడుగు, నేను ఎన్నిసార్లు చెప్పినానో.”

పాప కాసేపు కంచంలోకి చూసి, “సరే నాన్నా, నాదే తప్పు” అని లేచి లోపలికి పోయింది.

“అంతే మేడం, ఒప్పుకుంది కూడా” అన్నారాయన. ఆయన గొంతులో గెలిచిన వాళ్ల ధీమా ఏమీ లేదు. లెక్క సరిపోయినా డబ్బు చేతికి రాని మనిషిలా ఉన్నారు.

ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే. మార్కులు తగ్గాయి. ఫోన్ రోజూ వాడింది. ట్యూషన్ పెట్టించారు. కోర్టులో అయితే ఈ కేసు ఆయనదే. ఇక్కడ చూడాల్సింది పాప చివర అన్న ‘సరే’ను. మన భాషలో ‘సరే’లు రెండు రకాలు. ఒకటి, విషయం నచ్చి ఒప్పుకునేది. రెండోది, ఇక నీతో నావల్ల కాదు అని మాట ఆపేసేది. మొదటి రకం ‘సరే’ తర్వాత ఇంకో మాట వస్తుంది: “సరే, అయితే రేపటి నుంచి ఇలా చేస్తా” అనో, “సరే గానీ నాకు ఇది కావాలి” అనో. రెండోదాని తర్వాత తలుపు చప్పుడు వస్తుంది.

వాదనలో ఇలా రకాలున్నాయని మనవాళ్లు ఎప్పుడో గుర్తించారు. ‘వితండవాదం’ అనే మాట ఇళ్లల్లో రోజూ వాడుతుంటాం. అది గౌతముడి న్యాయసూత్రాల నుంచి వచ్చింది. అందులో మాటల పోటీని మూడుగా విడదీశారు. నిజం తెలుసుకోవడానికి ఇద్దరూ కలిసి మాట్లాడుకుంటే అది వాదం. గెలవడానికి మాట్లాడితే జల్పం. తనది అంటూ ఏమీ చెప్పకుండా అవతలివాళ్లు ఏం చెప్పినా కొట్టేస్తూ పోతే వితండం.

జల్పంలో వాడే ఎత్తుల్లో ఒకదాని పేరు ఛలం. పాత వ్యాఖ్యాతలు దానికి ఇచ్చే ఉదాహరణ సరదాగా ఉంటుంది. ‘ఈ పిల్లవాడు నవ కంబళం కప్పుకున్నాడు’ అని ఒకరంటారు. నవ అంటే కొత్త అని ఆయన ఉద్దేశం. అవతలాయనకు అది తెలుసు. తెలిసి కూడా, ‘నవ అంటే తొమ్మిది కదా, ఒకటే కంబళి కనిపిస్తోంది, మిగతా ఎనిమిదీ ఎక్కడ?’ అంటాడు. మాట పట్టుకుని ఉద్దేశాన్ని వదిలేయడం అన్నమాట. మన నాన్నగారు ‘రోజూ’ అనే మాటతో చేసింది అదే. పాప ‘రోజూ చూడను’ అన్నప్పుడు ఆమె ఏడు రోజుల లెక్క చెప్పడం లేదు. ‘నువ్వు అనుకునేంత పనికిమాలిన దాన్ని కాదు నాన్నా’ అని చెప్పుకుంటోంది. ఆయన ఆ మాటకు జవాబివ్వకుండా రోజులు లెక్కపెట్టారు.

జల్పం అసలు పనికిరాదని న్యాయశాస్త్రం అనలేదు. మొలక చుట్టూ ముళ్లకంప నాటినట్టు, తెలుసుకున్న నిజాన్ని కాపాడుకోవడానికి అదీ కావాలంటుంది. మేకలు తిరిగే చోట కంప వేయకపోతే మొక్క బతకదని మన సీమలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఈ తండ్రి ఫ్యాక్టరీలో రోజూ చేసేది ఆ పనే. బండలు అమ్మేది చదరపు అడుగుల లెక్కన. లోడు దిగాక అవతలి ఊరి నుంచి ఫోన్ వస్తుంది: అడుగులు తగ్గాయి, రంగు కలవలేదు, అంచులు విరిగాయి. అప్పుడు ఆయన బిల్లు తీసి, లోడింగ్ ఫోటో తీసి, మాటకు మాట చెప్పకపోతే నష్టం తన జేబుకే. ఇరవై ఏళ్లుగా ఆ నేర్పే ఆయన ఇంటిని పోషించింది. సాయంత్రం గేటు మూసి ఇంటికి వచ్చాక కూడా చేయి అలవాటుగా అదే పనిముట్టు కోసం వెతుకుతుంది. ఇది ఆయన స్వభావంలో లోపమని నేను అనుకోను. పని నేర్పిన అలవాటు. వకీళ్ల ఇళ్లలోనూ చూస్తాం, మా టీచర్ల ఇళ్లలో ఇంకా ఎక్కువగా చూస్తాం.

మరి ఇంట్లో ఏం చేయాలి? ‘పిల్లలను అర్థం చేసుకోండి’ అని చెప్పి వదిలేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. చేయగలిగిన పని ఒకటి కావాలి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ 1951లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో చేసిన ప్రసంగంలో అలాంటి పని ఒకటి చెప్పారు. మనుషుల మధ్య మాట తెగడానికి పెద్ద కారణం, అవతలివాళ్లు నోరు తెరవగానే అది తప్పో ఒప్పో తీర్పు చెప్పేయాలనే మన తొందర అంటారాయన. దానికి ఆయన సూచించిన ప్రయోగం ఇది. గొడవ జరుగుతుంటే ఒక్క నియమం పెట్టుకోండి. అవతలి మనిషి ఏం చెప్పారో, దాని వెనుక ఏమనిపిస్తోందో ముందు మీ నోటితో చెప్పాలి. ‘అవును, నేను చెప్పేది అదే’ అని వాళ్లు అనాలి. అప్పుడే మీ మాట చెప్పుకునే వంతు మీకొస్తుంది.

మన పండితులు పూర్వపక్షం అనేదీ దీనికి దగ్గరిదే. ఎదుటివారి వాదాన్ని ముందు పెట్టి, ఆ తర్వాతే తమ సిద్ధాంతం చెప్పేవారు. తేడా ఒకటుంది. పూర్వపక్షంలో ఎదుటివారి వాదాన్ని చెబుతాం. రోజర్స్ పద్ధతిలో ఆ వాదం వెనుక ఉన్న మనసును కూడా చెప్పాలి. పైగా సరిగ్గా చెప్పామా లేదా అన్నది ఎదుటి మనిషే తేల్చాలి. ఆ పాప ఒప్పుకునేదాకా నాన్నకు వంతు రాదు.

వినడానికి తేలికగా ఉంది కదా? మన నాన్నగారు అదే రాత్రి ప్రయత్నించి, మర్నాడు ఉదయమే నాకు ఫోన్ చేశారు. “కుదరలేదు మేడం.” ఏమన్నారో అడిగాను. “నీకు చాప్టర్ అర్థం కాలేదు, అంతే కదా? నాకు అర్థమైంది. కానీ అర్థం కాకపోతే అడగాల కదా” అన్నారట.

ఇది అందరం చేసే పొరపాటే. ‘అర్థమైంది, కానీ’ అన్నప్పుడు ‘కానీ’కి ముందున్నదంతా కొట్టుకుపోతుంది. పిల్లలు ఆ మాట కోసమే ఎదురుచూస్తుంటారు. అది రాగానే, ఇది కొత్త వేషంలో వచ్చిన పాత గొడవే అని తెలిసిపోతుంది. ఇంకో పొరపాటు, వాళ్లన్న వాక్యాన్ని చిలకలా తిరిగి అప్పజెప్పడం. “చాప్టర్ అర్థం కాలేదు” అంటే “ఓహో, చాప్టర్ అర్థం కాలేదా” అనడం. పాప చెప్పింది ఆయన విన్నారు గానీ, వెనుక ఏముందో ఊహించే ప్రయత్నం చేయలేదు.

ఊహించాలంటే మాటలు కావాలి. ఇక్కడే మనం కొంచెం పేదవాళ్లమైపోయాం. పిల్లల గురించి అడిగితే తల్లిదండ్రులు ఎక్కువగా రెండే మాటలు వాడతారు: కోపం, టెన్షన్. తెలుగులో మనసుకు ఎన్ని మాటలున్నాయో చూడండి. అలక వేరు, ఉక్రోషం వేరు. అలకలో ‘నువ్వు వచ్చి బతిమాలు’ అనే పిలుపు ఉంటుంది. ఉక్రోషంలో ఓడిపోయిన మంట ఉంటుంది. దిగులు వేరు, భయం వేరు. మొహమాటం, చిన్నబోవడం, నామోషీ, యాష్ట... ఒక్కోటి ఒక్కో చోట పుడుతుంది, ఒక్కోదానికి మందు వేరు. అలిగిన పిల్లకు దగ్గర కూర్చునే మనిషి కావాలి. నామోషీగా ఉన్న పిల్లకు నలుగురిలో ఆ మాట ఎత్తకపోవడం కావాలి. రెండింటినీ ‘కోపం’ అనేస్తే మనం చేసే పని కూడా తప్పే అవుతుంది.

మూడు రోజుల తర్వాత ఆదివారం, ఫ్యాక్టరీ దగ్గర పని ఉందని పాపను బండి మీద వెంట తీసుకెళ్లారు. ఎదురెదురుగా కూర్చుని అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు. బండి మీద మొహాలు కనిపించవు, అందుకే అలా వెళ్లమన్నాను. దారిలో జరిగింది ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

“ఆ రోజు నువ్వు ఏదో చెప్పబోతే నేను ఫోన్ తీసి చూపించినా. నాన్న నన్ను దొంగను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు అనిపించిందా?”

చాలాసేపు జవాబు లేదు. తర్వాత, “ఊ” అంది.

“అందుకే కోపమొచ్చింది.”

“కోపం కాదు నాన్నా.” కొంచెం ఆగి, “నామోషీ అయింది. తమ్ముడి ముందర.”

చూశారా, ఆయన ఊహ తప్పింది. అయినా పని జరిగింది. ఈ పద్ధతిలో తప్పుగా ఊహించడం నష్టం కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారని నమ్మితే, పిల్లలే దిద్దుతారు. ‘కాదు, అది కాదు...’ అని పాప అన్నదంటే మీరు దారిలోనే ఉన్నట్టు. వాదనలో ‘కాదు’ వస్తే మనం ఓడినట్టు లెక్క. ఇక్కడ ‘కాదు’ వెంట కొత్త విషయం వస్తుంది.

అలాగే వచ్చింది. పక్క సీటు స్నేహితురాలు జూలైలో వాళ్ల నాన్నకు ట్రాన్స్‌ఫర్ అయి హైదరాబాద్ వెళ్లిపోయింది. రెండేళ్లుగా లెక్కలు ఇద్దరూ కలిసే చేసుకునేవారు. ట్యూషన్‌లో ఒకసారి డౌట్ అడిగితే వెనుక ఉన్న ఇద్దరు నవ్వారు. అప్పటి నుంచి అడగడం మానేసింది. రాత్రి ఫోన్‌లో సగం సమయం ఆ స్నేహితురాలితోనే. మిగతా సగం రీల్సే, అది కూడా తనే చెప్పింది.

అంటే ఫోన్ విషయంలో నాన్న తప్పు కాదు. రాత్రి పదకొండు దాకా ఫోన్ చూస్తే మర్నాడు క్లాసులో నిద్ర వస్తుంది, అది మేమూ గమనించాం. కానీ ఆయన దగ్గరున్న నిజం ఒక్కటే, పాప దగ్గర ఇంకా మూడు ఉన్నాయి. ఆ మూడూ చెప్పేదాకా ఆమెకు ఆయన నిజం వినే ఓపిక లేదు. చెప్పాక ఉంది. ఆ సాయంత్రం, తొమ్మిదిన్నర తర్వాత ఫోన్ హాల్లో పెట్టాలన్న నియమం పెట్టింది నాన్నే. తొమ్మిది నుంచి అరగంట స్నేహితురాలితో మాట్లాడుకుంటానని అడిగింది పాప. ఆయన ఒప్పుకున్నారు. డౌట్లు ట్యూషన్ అయ్యాక సార్‌ను విడిగా అడిగేలా వాళ్లమ్మ మాట్లాడారు. తర్వాతి టెస్టులో 33 వచ్చాయి. గొప్పగా ఏమీ పెరగలేదు, కాకపోతే ఆ పేపర్ తనే తెచ్చి చూపించింది.

చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. “ఇలా అర్థం చేసుకుంటూ పోతే నెత్తికెక్కరా?” పిల్లల మనసును మాటల్లో పెట్టడం వేరు, వాళ్లు అడిగింది ఇచ్చేయడం వేరు. ‘పార్టీకి పంపలేదని నీకు చాలా చిన్నతనంగా ఉంది, ఫ్రెండ్సందరూ వెళ్తున్నారు’ అని నిజాయితీగా చెప్పి, పంపకుండానే ఉండవచ్చు. పాప ఏడవవచ్చు. ఏడ్చినా, ‘నాన్నకు నా బాధ తెలుసు, అయినా వద్దన్నాడు’ అన్నది ‘నాన్నకు ఏమీ పట్టదు’ అన్నదానికి చాలా దూరం.

ఈ పద్ధతి పని చేయని చోట్లు కూడా ఉన్నాయి. లైసెన్స్ లేని పిల్లవాడు బండి తాళం తీసుకుని గేటు దాటుతుంటే ముందు తాళం లాక్కోవాలి, మనసు సంగతి తర్వాత. మందు డోసు, కరెంటు, క్వారీ గుంతలో ఈత, ఇవన్నీ అంతే. ఇంట్లో ఎవరైనా చేయి చేసుకుంటున్నా, అవమానిస్తున్నా, వాళ్లను అర్థం చేసుకోమని దెబ్బలు తినేవాళ్లకు చెప్పడం అన్యాయం. ఇంకొకటి, ఈ నియమాన్ని పిల్లల మీద పెట్టకండి. ‘నేను చెప్పింది ముందు నువ్వు తిరిగి చెప్పు’ అని పదమూడేళ్ల పిల్లను నిలబెడితే అది అప్పజెప్పించడమే అవుతుంది. పెద్దవాళ్లే ముందు చేయాలి.

కోపం పైకొచ్చాక కూడా ఇది కుదరదు. సియాటెల్‌లో భార్యాభర్తల గొడవలను ఏళ్ల తరబడి పరిశీలించిన జాన్ గాట్‌మన్, గుండె నిమిషానికి వందకు పైగా కొట్టుకునే స్థితిలో మనిషికి ఎదుటివారి మాట సరిగా చెవికెక్కదని గమనించారు. అలాంటప్పుడు కనీసం ఇరవై నిమిషాలు ఆగమంటారు. ఆ ఇరవై నిమిషాలు ఎలా గడుపుతామన్నది ముఖ్యం. ‘అది ఆ మాటంటే నేను ఈ మాటంటా’ అని లోపల రిహార్సల్ చేసుకుంటూ కూర్చుంటే గంట ఆగినా కోపం దిగదు. మొక్కలకు నీళ్లు పోయండి, బట్టలు మడతపెట్టండి, వీధి చివరిదాకా నడిచి రండి. కానీ మాట్లాడకుండా లేచి వెళ్లిపోకండి. ‘నాకిప్పుడు కోపంగా ఉంది, తొమ్మిదికి మాట్లాడుకుందాం’ అని టైమ్ చెప్పి వెళ్లండి, చెప్పిన టైముకు రండి. టైమ్ చెప్పకుండా వెళ్తే అది పిల్లలకు శిక్షలా కనిపిస్తుంది.

మీరు మాట్లాడుతున్నది వాదమా, జల్పమా అని మధ్యలోనే కనిపెట్టే గుర్తులు నాకు కొన్ని ఉన్నాయి. అన్నీ నా ఇంట్లో నేర్చుకున్నవే. అవతలివాళ్లు మాట్లాడుతుంటే నా జవాబు లోపల తయారైపోతుంటుంది. ‘ఎప్పుడూ’, ‘ఏ రోజూ’ అనే మాటలు వస్తాయి. పోయిన సంక్రాంతి సంగతి బయటికొస్తుంది. ‘కావాలంటే వాళ్లనడుగు’ అని సాక్షులను పిలుస్తాను. ఈ నాలుగింటిలో ఏది వచ్చినా అప్పటికే నేను పాత ఆటలో ఉన్నట్టు. మా ఇంట్లో గ్యాస్ ఎప్పుడు బుక్ చేశామన్న దాని మీద మావారితో అరగంట వాదించి, మెసేజ్ చూపించి గెలిచిన రోజు ఒకటుంది. ఆయనకు ఆ రోజు ఉద్యోగంలో పెద్ద మాట పడిందని నాకు తెలిసింది వారం తర్వాత, అదీ వాళ్లక్క ఫోన్‌లో చెబితే.

మొన్న ఆ నాన్నగారు ఫీజు కట్టడానికి వచ్చి ఆఫీసు దగ్గర కనిపించారు. పాప ఎలా ఉందని అడిగాను. పాపతో బాగానే ఉందన్నారు, తల గోక్కుంటూ. “ఇప్పుడు వాళ్లమ్మ పట్టుకుంది మేడం. ‘కూతురికైతే అన్నీ అడిగి తెలుసుకుంటావు, నాకు మాత్రం బిల్లు తీసి చూపిస్తావు’ అంటాంది.”

“మరి మీరేమన్నారు?”

“నేనెప్పుడు బిల్లు చూపించినా అన్నా.”